మా ఊళ్ళో నేనే చుట్టాన్ని

2016 జులైలో ఒహాయో వెళ్ళినవాణ్ణి, మళ్ళీ మా ఊరు చూసింది 2025 సంక్రాంతికే. మధ్యలో ఎందుకు రాలేదని అడగనివాళ్ళు లేరు. హెచ్-1బీ మీద ఉన్నవాడి పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోతే, దేశం దాటాక మళ్ళీ స్టాంపింగ్ అయ్యేదాకా వెనక్కి వెళ్ళలేడు. కాన్సులేట్ వాళ్ళు ఇంకేవో కాగితాలు చూడాలని ఆపారంటే వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఈలోపు అక్కడ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. వచ్చే ఏడాది చూద్దాం అనుకుంటూ ఉండగానే కరోనా వచ్చిపడింది. 2021 మేలో, రెండో వేవ్‌లో, నాన్న పోయారు. ఆయన చివరి చూపు నాకు ఫోన్‌లోనే దక్కింది.

మాది ముమ్మిడివరం దాటాక కాట్రేనికోన వెళ్ళేవైపు ఒక చిన్న ఊరు. రోజూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నాను కాబట్టి ఊరి సంగతులన్నీ తెలుసనే అనుకునేవాణ్ణి. కానీ ఫోన్‌లో నాకు కనిపించేది అమ్మ మొహం, ఆమె వెనకాల గోడ, గోడ మీద కేలండరు. అంతే. ఎవరైనా పోతే చెప్పేవారు, పెళ్ళి కుదిరితే చెప్పేవారు, ఒంట్లో బాగోకపోతే కొంచెం తగ్గించి చెప్పేవారు. వీధిలో సిమెంటు రోడ్డు పడిందనో, పక్కవాళ్ళు పాడిగేదెలు అమ్మేశారనో, మన పొలం చుట్టూ ఎవరెవరు ఏం చేస్తున్నారనో ఎవరూ చెప్పరు. దాచిపెట్టి కాదు. రోజూ చూసేవాళ్ళకి అవి వార్తలు కావు. తొమ్మిదేళ్ళలో నాకు చేరనివి సరిగ్గా ఇవే.

రాజమండ్రిలో విమానం దిగి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రావులపాలెంలో అరటి గెలల లారీలు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఏమీ మారలేదు. కొత్తపేట, అమలాపురం దాటేదాకా నేనే డ్రైవరుకి దారి చెబుతున్నాను. ముమ్మిడివరం దాటాక మాత్రం అతనే నాకు చెప్పడం మొదలుపెట్టాడు. "అటు కాదండీ, ఇప్పుడు ఇటే దగ్గర."

ఇంటికి చేరాక మొదటి రోజులు బాగానే గడిచాయి. అవి ఎవరికైనా బాగానే ఉంటాయి. మా మరదలు నా కోసం ఏసీ ఉన్న గది ఖాళీ చేసింది. అంటే తమ్ముడూ వాళ్ళూ హాల్లో పడుకుంటున్నారు. నా ఒక్కడికీ మినరల్ వాటర్ టిన్ను తెప్పించారు. అన్నానికి నాకు మాత్రం కొత్త స్టీలు కంచం. రోజూ పొద్దున్నే "బావగారూ, టిఫిన్ ఏం చెయ్యమంటారు?" అని అడిగేది. ఆ ఇంట్లో టిఫిన్ ఏమిటని ఎవరూ ఎవర్నీ అడగరు. అమ్మకి నచ్చింది చేస్తారు, అందరూ తింటారు. కంచం తీసి సింకులో వెయ్యబోతే అమ్మ లాక్కునేది. బిందె ఎత్తబోతే తమ్ముడు పరిగెత్తుకొచ్చేవాడు. ఏ పనీ ముట్టుకోనివ్వకుండా కూర్చోబెడితే ఆ ఇంట్లో మనం చుట్టమనే అర్థం. అది అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

తమ్ముడి పెళ్ళి 2019లో అయింది. అదీ నేను ఫోన్‌లోనే చూశాను. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో, కరెంటు పోతే ఇన్వర్టర్‌కి ఏ స్విచ్ నొక్కాలో, అమ్మ ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో తెలిసిన మనిషి, నేను అంతకుముందు ఎదురుగా ఒక్కసారీ చూడని మనిషి. వాళ్ళ మూడేళ్ళ పిల్లాడికి పెదనాన్న అంటే ఫోన్‌లో ఉండేవాడని లెక్క. నేను ఎదురుగా కూర్చుంటే దగ్గరికి వచ్చేవాడు కాదు, వాళ్ళమ్మ వెనకాల నుంచి తొంగి చూసేవాడు. ఆఖరికి నేను పక్కగదిలోకి వెళ్ళి వాళ్ళమ్మ ఫోన్‌కి వీడియో కాల్ చేస్తే గలగలా మాట్లాడాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో ఒకలా అనిపించింది.

రెండో రోజు పొద్దున్నే పొలం చూడ్డానికి బయల్దేరాను. జనవరి అంటే మాకు సార్వా కోతలు అయిపోయి దాళ్వా నాట్లు పడే రోజులు. నీళ్ళు నిండిన మళ్ళు, ఆకుమడి పచ్చదనం, వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు, ఇదీ నా కళ్ళలో ఉన్న జనవరి. కాలవ దాటి కుడివైపు తిరిగేసరికి ఎదురుగా మనిషెత్తు గట్టు. గట్టెక్కి చూస్తే అవతల మడి లేదు, చెరువుంది. నీళ్ళ మధ్యలో, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు గుండ్రంగా తిరుగుతూ తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. పైన పక్షులు వాలకుండా తాళ్ళు కట్టారు. ఒక మూల తాటాకు షెడ్డు, పక్కన జనరేటరు. షెడ్డులోంచి ఒకాయన బయటికొచ్చి, "ఎవరు కావాలండీ?" అని అడిగాడు. మా పొలం గట్టు మీద నిలబడి నేనెవరో చెప్పుకోవాల్సొచ్చింది.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి నిలదీశాను. నాన్న పొలాన్ని రొయ్యలకిస్తావా, ఉప్పునీళ్ళు పెట్టిన భూమి మళ్ళీ పనికొస్తుందా, ఒక్క మాట చెప్పాలనిపించలేదా అని. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. కాఫీ తాగాడు. తర్వాత లోపలికెళ్ళి లీజు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. 2019 నాటిది. కింద సంతకం నాన్నది.

"నీకు చెప్పొద్దన్నది నాన్నే అన్నయ్యా. అంత దూరంలో ఉన్నవాడు విని ఏం చేస్తాడు, బాధపడతాడు అన్నారు."

ఆ సాయంత్రం వాడు చెప్పిన లెక్కలో నాకు తెలిసిన సంగతులు సగమున్నాయి, తెలియనివి సగం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంవత్సరం నేను ఇక్కడే ఉన్నాను. మురుగు కాలవలు పూడిపోయి వానకి చేలు మునగడం, కూలి ఖర్చులు పెరగడం, ధాన్యానికి ధర రాకపోవడం, అన్నీ కళ్ళారా చూసినవే. ఆ తర్వాతే నాకు తెలీదు. వెనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. అది ఇంచుమించు మూడు నాలుగు నెలల పంట. మా చుట్టుపక్కల ముందు ఒకరు తవ్వారు. ఆయన చెరువులో ఉప్పు నీరు పక్క మడిలోకి ఊరింది. మొదట గట్టువారగా వరి కొసలు ఎండి ఎర్రబడ్డాయి. రెండో ఏడు ఆ చారలో దుబ్బు కట్టలేదు. ఎండాకాలంలో నేల ఆరినప్పుడు గట్టు పొడుగునా తెల్లటి పొర తేలింది, వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పన. దాంతో ఆ పక్కవాడూ తవ్వాడు, వాడి పక్కవాడూ తవ్వాడు. మూడువైపులా చెరువులు వచ్చాక మధ్యలో ఒక్క వరిమడి నిలవదు. నాన్న రెండు సార్వాలు నష్టపోయాక ఇచ్చేశారు. లీజు డబ్బు వరి కౌలుకి రెండు రెట్ల పైనే. అది కూడా ముందుగా చేతికొస్తుంది, తుఫానొచ్చినా వెనక్కి అడగరు.

"మళ్ళీ వరి వేద్దామా అంటే వేద్దాం," అన్నాడు తమ్ముడు. "ముందు గట్లు కొట్టి చదును చెయ్యాలి. కాలవ నీళ్ళు పెట్టి, తీసి, పెట్టి, తీసి ఉప్పు కడగాలి. ఎన్ని సీజన్లు పడుతుందో ఎవరూ చెప్పరు. చుట్టూ చెరువులుండగా కడిగి ఏం లాభం? నువ్వు చూస్తున్న పొలం నువ్వెళ్ళినప్పటిది. మేం చూస్తున్నది ఇవాళ్టిది."

నాకు తిరిగి మాట రాలేదు. వాడు చెప్పిందంతా ఒప్పుకున్నానని కాదు. తాగే నీళ్ళు ఉప్పగా మారిపోవడం గురించీ, మురుగు కాలవలోకి చెరువు నీళ్ళు వదలడం గురించీ నాకు ఇప్పటికీ వాడితో పేచీ ఉంది. కానీ పేచీ పెట్టుకోవాలంటే ముందు ఇవాళ్టి లెక్కలు తెలియాలి. నా దగ్గర ఉన్నవి పాతవి.

ఇంకో ఇబ్బంది డబ్బులు ఇచ్చే దగ్గర వచ్చింది. ఇది చిన్న విషయంలాగే కనిపిస్తుంది గానీ రోజుకి పదిసార్లు గుచ్చుకుంటుంది. యూపీఐ మొదలైంది 2016లోనే, కానీ నేను విమానం ఎక్కేనాటికి మా ఊళ్ళో దాని పేరు విన్నవాడు లేడు. ఇప్పుడు కిరాణా కొట్లో, మల్లెపూల బండి దగ్గర, బడ్డీకొట్లో, గుళ్ళో హుండీ పక్కన, ఎక్కడ చూసినా క్యూఆర్ కోడే. నేను కొట్లో ఐదొందల నోటు తీస్తే "చిల్లర లేదు బాబూ, ఫోన్‌పే చేసెయ్యండి" అనేవారు. నా ముందు నిలబడ్డ కుర్రాడు స్కాన్ చేసి సబ్బూ బిస్కెట్లూ పట్టుకుపోయాడు. అతను బెంగాల్ నుంచి నాట్లకొచ్చిన కూలీ. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల నాట్లు వేసేది వాళ్ళ ముఠాలే. కొట్టు అబ్బాయి అతన్ని "దాదా" అని పిలిచి, నిన్నటి బాకీ గుర్తుచేసి, నవ్వుతూ పంపాడు. నన్ను మాత్రం "ఏ ఊరండీ?" అని అడిగాడు. నేను వెళ్ళేటప్పటికి ఆ అబ్బాయి హైస్కూల్లో ఉండి ఉంటాడు.

ఆ యూపీఐ పెట్టుకోవడం ఎలా అన్నది విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రీఛార్జ్ చెయ్యక నా పాత సిమ్ ఎప్పుడో పోయింది. ఆధార్‌కి ఉన్నది ఆ నంబరే. బ్యాంకుకీ అదే. దేనికి వెళ్ళినా ఓటీపీ ఆ నంబరుకే పోతుంది, అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో! బ్యాంకు ఖాతా రెండేళ్ళకి పైగా లావాదేవీ లేక ఆగిపోయింది. పైగా అది మామూలు సేవింగ్స్ ఖాతా. ప్రవాసి అయ్యాక దాన్ని ప్రవాసులు ఇక్కడి రాబడి దాచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతా కిందకి మార్చాలి, లేదంటే విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం అది సరైన ఖాతా కాదు. కాబట్టి అప్పుడు నాకు పట్టిన వరస ఇది: ముందు పాస్‌పోర్టు మీద కొత్త సిమ్, తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్ర వేసి నంబరు మార్పించుకోవడం, తర్వాత బ్యాంకులో పాస్‌పోర్టు, వీసా, అక్కడి అడ్రసు కాగితాలు ఇచ్చి ఖాతా మార్పించి కేవైసీ చేయించడం, అప్పుడు యూపీఐ. భోగి, సంక్రాంతి, కనుమ సెలవులు మధ్యలో పడి నాకు ఇది ఉన్న రోజుల్లో సగం గడిచేదాకా పూర్తి కాలేదు. అమెరికా, కెనడా, గల్ఫ్ లాంటి కొన్ని దేశాల నంబర్లతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి యూపీఐ పెట్టుకునే వీలు 2023లోనే ఇచ్చారు. ఖాతా సరిగ్గా ఉంటే అక్కడ ఉండగానే చేసుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ మార్పిడి ప్రయాణానికి ముందే మొదలుపెట్టడం మేలు.

ఆధార్ ఫారంలో జిల్లా అన్నచోట అలవాటుగా తూర్పు గోదావరి అని రాశాను. అక్కడి అమ్మాయి కొట్టేసి కోనసీమ అని రాసింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయిన సంగతి నాకూ తెలుసు, పేపర్లో చదివాను. చెయ్యికే తెలీదు.

ఇక నాన్న విషయం. నేను వచ్చిన వారంలో ఎవరైనా వచ్చి ఆయన గురించి మాట్లాడతారని ఎదురుచూశాను. ఎవరూ మాట్లాడలేదు. కర్కశత్వం కాదది. ఊరికి ఆయన పోయి నాలుగేళ్ళు కావొస్తోంది. సంవత్సరీకాలు అయిపోయాయి, ఏటేటా తద్దినం తమ్ముడు పెడుతున్నాడు, అమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది, మళ్ళీ సీరియల్ చూసుకోవడం మొదలుపెట్టింది. వాళ్ళ దుఃఖం ఒక దారిన నడిచి ఒకచోట ఆగింది. నాది నేను వీధి గుమ్మంలో అడుగుపెట్టి, ఆయన మడతకుర్చీ ఉండే చోట పిల్లాడి మూడు చక్రాల సైకిలు చూసినప్పుడు మొదలైంది. నేను ఆయన సంగతి ఎత్తితే అమ్మ ముక్తసరిగా చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మానిన పుండుని కెలుకుతున్నానని నాకు అర్థమయ్యేది, కానీ మానేయలేకపోయేవాణ్ణి.

చివరికి చెప్పింది మా మరదలు. ఒక మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక, పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే మనిషికి డబ్బులిచ్చి పంపేసి, తనే వచ్చి అరుగు మీద కూర్చుంది. "మీరు అడుగుతున్నారని చెబుతున్నాను బావగారూ," అని మొదలుపెట్టింది. ఆక్సిజన్ బెడ్డు కోసం అమలాపురంలో ఎన్ని చోట్ల తిరిగారో, తమ్ముడికీ జ్వరం ఉంటే తనే ఆటోలో ముందు కూర్చుని ఎలా తీసుకెళ్ళిందో, మామయ్యగారు మాస్కు తీసి మజ్జిగ అడిగితే నర్సు వద్దన్నా తను రెండు చెంచాలు ఎలా పట్టిందో చెప్పింది. అప్పటికి ఆమె ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు, కడుపుతో ఉంది. నేను ఆయన కొడుకుని, ఆమె నాకు ఫోన్‌లో పరిచయమైన మనిషి. ఆయన చివరి రోజులు మాత్రం ఆమె దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత నాకు ఆ గది ఇవ్వడం, టిఫిన్ అడగడం వేరేగా కనిపించాయి. ఇల్లు ఆమెది, వచ్చింది నేను. ఆమె మర్యాద చేస్తోంది, అంతే.

తిరిగొచ్చినవాళ్ళకి కలిగే ఈ అయోమయాన్ని పరిశోధకులు ఎప్పుడో పట్టించుకున్నారు. గల్లహార్న్ దంపతులని అమెరికా పరిశోధకులు విదేశాల్లో గడిపి ఇంటికి తిరిగొచ్చిన వాళ్ళని గమనించి 1963లో ఒక గీత గీశారు. పరాయి దేశం వెళ్ళినప్పుడు మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, తర్వాత సర్దుబాటు అని ముందే అనేవారు. ఇంటికి తిరిగొచ్చాక కూడా అదే పల్లం ఇంకోసారి వస్తుందని వీళ్ళు అన్నారు. తర్వాత చేసిన పరిశోధనల్లో అందరికీ ఆ గీత అలాగే రాలేదనుకోండి. నాకు పనికొచ్చింది గీత కాదు, దాని వెనకున్న కారణం. పరాయి దేశం వెళ్ళేటప్పుడు అక్కడ అన్నీ కొత్తగా ఉంటాయని మనసు సిద్ధపడి వెళ్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఎవరూ సిద్ధపడరు. పైగా చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మనకి ఏదీ నేర్పాల్సిన పని లేదనుకుంటారు. ఒహాయోలో మొదటి నెలలో చెత్త ఏ రోజు బయట పెట్టాలో కూడా పక్కింటాయన చెప్పాడు. ఇక్కడ నాకు అలా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

కనుమనాడు జగ్గన్నతోట వెళ్ళాం. మోసలపల్లి పక్కన కొబ్బరితోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వచ్చి కొలువుతీరే తీర్థం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రా శకటంగా ఆ ప్రభల్నే పెట్టారు, అది అమెరికాలో ఉండి యూట్యూబ్‌లో చూశాను. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవ దాటుతుంటే, మోసేవాళ్ళు మెడలోతు నీళ్ళలో అరుచుకుంటూ ఒక్కసారిగా పైకెత్తుతుంటే, తొమ్మిదేళ్ళు ఎక్కడికి పోయాయో తెలీలేదు. పైన డ్రోన్లు తిరుగుతున్నా, అందరి చేతుల్లో ఫోన్లున్నా అది అదే. ఊరికి పరాయివాణ్ణనిపించనిది ఆ ఒక్క రోజే. ఇందులో వింతేం లేదు, తీర్థంలో సగం మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. అక్కడ ఎవరైనా నిలబడొచ్చు. చోటు దొరకనిది మర్నాటి నుంచి, మామూలు రోజుల్లో.

చిన్నప్పటి స్నేహితుడు ఒకడున్నాడు. పేరు చెప్పను. ఇప్పుడు వాడికి సొంతంగా రెండు చెరువులు, లీజుకి ఇంకొన్ని. మొదటిసారి కలిసినప్పుడు కౌగిలించుకుని "ఎప్పుడొచ్చావురా" అన్నాడు. పది నిమిషాలు స్కూలు మాస్టార్ల గురించీ, పంటు ఎక్కి గోదారి దాటి సినిమాకెళ్ళి ఇంట్లో తన్నులు తినడం గురించీ మాట్లాడుకున్నాం. ఆ సరుకు అయిపోయింది. హోటల్ దగ్గర వాడి చుట్టూ చేరినవాళ్ళు కౌంట్ రేట్లూ, మేత అప్పులూ, హైదరాబాద్‌లో పిల్లల హాస్టల్ ఫీజులూ మాట్లాడుతుంటే నేను టీ గ్లాసు పట్టుకుని వింటూ కూర్చున్నాను. మధ్యలో మర్యాదకి నా వైపు తిరిగి "అక్కడ చలి బాగా ఉంటుందా?" అని అడిగేవారు. ఉంటుందని చెప్పేవాణ్ణి. మళ్ళీ వాళ్ళ మాటల్లోకి వాళ్ళు. వాళ్ళ జోకులకి వెనక ఏదో కథ ఉండేది, అది నేను లేనప్పటి కథ.

నిద్ర పట్టని రాత్రి ఒకటి కలిసొచ్చింది. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, రెండున్నరకి లేచి వీధిలోకి వస్తే వాడి బైకు కనిపించింది. చెరువుల మీదికి వెళ్తున్నాడు. "రానా?" అన్నాను. "వచ్చి ఏం చేస్తావురా, బురద," అన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

రాత్రంతా నీళ్ళలోని రొయ్యా, నాచూ అన్నీ ఆక్సిజన్‌ని లాగేస్తూనే ఉంటాయి, వెలుతురు లేక తయారు కావడం ఉండదు. కాబట్టి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి ఏరేటర్లు ఆగితే పంట పోయినట్టే. మేం వెళ్ళిన కాసేపటికి కరెంటు పోయింది. చక్రాలన్నీ ఒక్కసారి ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే వాడు పరుగెత్తాడు. జనరేటర్ మొదటిసారి అందుకోలేదు. నాకు టార్చి ఇచ్చి, గట్టువారగా లైటు వేస్తూ నడవమన్నాడు. రొయ్యలు పైకి తేలి అంచుకి చేరుతున్నాయేమో చూడాలి, చేరుతుంటే ఆక్సిజన్ అయిపోతున్నట్టు. ఒక మూల కొన్ని కళ్ళు ఎర్రగా మెరిశాయి. అరిచి చెప్పాను. "ఎన్ని? గుంపుగానా, విడివిడిగానా?" అని అడిగాడు. నాకేం తెలుసు? "చూసి చెప్పరా వెధవా!" అని గట్టిగా తిట్టాడు. విడివిడిగానే ఉన్నాయి. జనరేటర్ అందుకుంది. తెల్లారాక చెక్ ట్రేలు లేపి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా నల్లగా ఉందా, తెల్లబడి ఖాళీగా ఉందా చూపించాడు. తెల్లబడితే జబ్బు. అప్పుడు మేత తగ్గించి ల్యాబుకి పంపాలి.

ఆ తర్వాత వాడు బయల్దేరే ముందు మా గుమ్మం ముందు హారన్ కొట్టేవాడు. హోటల్ దగ్గర కౌంట్ గురించి మాట వస్తే నాకూ కొంచెం అర్థమయ్యేది. కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. నేను ఆక్వా రైతునేమీ అయిపోలేదు. మిగతావాళ్ళు ఇప్పటికీ నన్ను "అమెరికా ఆయన" అనే అంటారు, అందులో ఇద్దరు నాన్న ఉండగా నన్ను "ఏరా" అని పిలిచినవాళ్ళు. అది మారుతుందనే ఆశ నాకు లేదు.

ఇంట్లో కూడా అదే పని చేశాను, అడక్కుండా. కొత్తదేం పెట్టలేదు, ఉన్న పనుల్లో ఒకటి తీసుకున్నాను. అమ్మ మాత్రల డబ్బా నింపడం, పిల్లాణ్ణి అంగన్‌వాడీ నుంచి తీసుకురావడం. నీళ్ళ టిన్ను వద్దన్నాను. హాల్లోకి మారతానంటే మాత్రం మరదలు ఒప్పుకోలేదు. అక్కడితో ఆగాను.

వెళ్ళే ముందు పొలం పని ఒకటి మిగిలింది. నాన్న పోయాక పేర్లు మార్పించడం తమ్ముడు సచివాలయంలో అప్పటికే మొదలుపెట్టాడు. వారసులుగా అమ్మ, నేను, వాడు. విదేశాల్లో ఉన్నవాడు సాగుభూమి కొనలేడు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కాబట్టి లీజు పొడిగించాలంటే ఇప్పుడు నా సంతకమూ కావాలి. లీజుదారు మూడేళ్ళకి అడిగాడు. తమ్ముడు సరేనన్నాడు, పిల్లాడి చదువుకి ఒకేసారి డబ్బు చేతికొస్తుందని. నేను రెండేళ్ళకే అన్నాను. మురుగు కాలవలోకి నీళ్ళు వదిలే తూము ఏ వైపు ఉండాలో కాగితంలో రాయాలని కూడా అన్నాను. అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ నాన్న ఉంటే ఒక్క ఏడాదికే ఇచ్చేవారు" అంది. లీజుదారు తూముకి ఒప్పుకున్నాడు, రెండేళ్ళకి రేటు తగ్గించాడు. తమ్ముడు మొహం మాడ్చుకునే సంతకం పెట్టాడు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో రావులపాలెం దాకా నాతో మాట్లాడలేదు.